ర్యాంకర్ ఫొటో కింద ఏం రాయాలి? ఒక కోచింగ్ సెంటర్ కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ప్రాంతంలో గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక మధ్య తరహా సంస్థ కేసు ఇది. చిన్న సంస్థలకు కరపత్రాలు, పేపర్ యాడ్‌లు, ప్రాస్పెక్టస్‌లు రాసిపెట్టడం నా వృత్తి. సంస్థ పేరు, అభ్యర్థుల పేర్లు, ఫలితాలు వచ్చిన ఏడాది ఇక్కడ ఇవ్వడం లేదు. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. నిర్ణయాలు, వాటి వెనక కారణాలు మాత్రం జరిగినవే.

ఆ ప్రాంతం తెలిసినవాళ్లకు అక్కడి ప్రచారం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి హాస్టళ్లు, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపుల దాకా ఎటు చూసినా ఫ్లెక్సీలే. వాటి మీద వరుసగా ఫొటోలు, ఫొటోల కింద పోస్టుల పేర్లు. జిల్లాల నుంచి వచ్చే అభ్యర్థి, తోడుగా వచ్చే తండ్రి మొదట చూసేది వాటినే. చాలామందికి ఫీజు అంటే పంట డబ్బో అప్పో. కాబట్టి ఆ ఫొటోలను నమ్మి తీసుకునే నిర్ణయం చిన్నది కాదు.

ఈ సంస్థ మూడు రకాల కోర్సులు నడుపుతుంది. దాదాపు ఏడాది సాగే పూర్తి క్లాస్‌రూమ్ కోర్సు ఒకటి, ఎకానమీ లాంటి ఒక్కో సబ్జెక్టుకు విడి బ్యాచ్‌లు, చివరి నెలల్లో టెస్ట్ సిరీస్. ఫీజుల్లో తేడా చాలా ఎక్కువ. మొత్తం సమస్య మొదలైంది ఈ తేడా దగ్గరే.

వచ్చిన సమస్య

ఫలితాలు రాగానే సంస్థ పెద్ద ఫ్లెక్సీ వేసింది. అందులో అందరికన్నా పెద్ద ఫొటో ఒక అమ్మాయిది. ఆ కింద మాటలు: "ఈ సంస్థ వల్లే నా కల నిజమైంది. ఫ్యాకల్టీ సూపర్." ఆ పక్కనే పూర్తి కోర్సు కొత్త బ్యాచ్ తేదీ. నిజానికి ఆ అమ్మాయి ఇక్కడ తీసుకున్నది టెస్ట్ సిరీస్ మాత్రమే. అదే వీధిలో ఇంకో రెండు సంస్థల ఫ్లెక్సీల మీద కూడా ఆమె ఫొటో ఉంది. ఒకచోట ఎకానమీ బ్యాచ్, ఇంకోచోట టెస్టులు. కోర్సు గురించి ఎవరూ పూర్తిగా అబద్ధం చెప్పలేదు, కానీ చూసినవాళ్లందరికీ అబద్ధమే అందింది.

అదే వారంలో రెండు విషయాలు జరిగాయి. అడ్మిషన్ కోసం వచ్చిన ఒక తండ్రి ఫ్రంట్ డెస్క్‌లో ఉన్న కౌన్సెలర్‌ను, "ఈ అమ్మాయి ఏడాదంతా ఇక్కడే చదివిందా మేడమ్? అవతల బోర్డు మీద కూడా ఉంది కదా" అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆయన వెళ్లిపోయాడు. రెండోది, ఎంపికైన ఇంకో అబ్బాయి ఫోన్ చేసి తన ఫొటో తీసేయమన్నాడు. అప్పుడే ఉద్యోగంలో చేరాడు, కోచింగ్ ప్రకటనలో కనిపిస్తే ఆఫీసులో ఏమనుకుంటారోనని టెన్షన్ పడుతున్నాడు. సంస్థ చూపించిన జవాబు, అతను చేరిన రోజు సంతకం పెట్టిన అడ్మిషన్ ఫారం. "ఎంపికైతే నా ఫొటో, అభిప్రాయం వాడుకోవడానికి సమ్మతిస్తున్నాను" అన్న వాక్యం అందులో చిన్న అక్షరాల్లో ఉంది.

ఈ రెండింటి తర్వాతే డైరెక్టర్ సార్ నన్ను పిలిచారు. ఆయన అడిగిన సాయం వేరు. ఫ్లెక్సీ మీద మాటలు ఇంకా బలంగా ఉండాలి, లీగల్‌గా ఇబ్బంది రాకూడదు, అంతే.

ముందు చూసినవి

మాటలు రాసే ముందు ఉన్న సాక్ష్యం చూడాలన్నాను. ఫ్లెక్సీ మీద ఉన్న ప్రతి ఒక్కరి హాల్ టికెట్ నంబరు తీసుకుని, కమిషన్ విడుదల చేసిన ఎంపిక జాబితాతో పోల్చాం. తర్వాత సంస్థ ఫీజు రసీదుల్లో వాళ్లు ఏ కోర్సుకు, ఎప్పుడు, ఎంత కట్టారో చూశాం. ఎంపిక విషయంలో తప్పులు లేవు. కోర్సు విషయంలో మాత్రం ఫొటోల్లో సగానికి పైగా టెస్ట్ సిరీస్ వాళ్లవే. కొందరు ఉచితంగా పెట్టిన మాక్ టెస్ట్ ఒక్కటే రాశారు, రసీదు కూడా లేదు.

చట్టం ఏం చెబుతుందో కూడా సార్‌కు వివరించాల్సి వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో వాడే అభిప్రాయం ఆ మనిషి నిజంగా నమ్మేది అయ్యుండాలి, మరీ పాతది కాకూడదు, తగిన అనుభవం మీద ఆధారపడాలి అని అందులో ఉంది. కోచింగ్ రంగానికి ప్రత్యేకంగా 2024 నవంబర్‌లో ఇంకో మార్గదర్శకాలు వచ్చాయి. ఎంపికైనవాళ్ల ఫొటో వేస్తే ర్యాంకు, తీసుకున్న కోర్సు, ఎంతకాలం చదివారు, డబ్బు కట్టి చేరారా లేదా అన్నవి పక్కనే చెప్పాలి. వాళ్ల పేరు, ఫొటో, మాటలు వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, అదీ ఎంపికైన తర్వాత తీసుకున్నదే అయ్యుండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

అనుమతి ఎంపిక తర్వాతే ఎందుకు తీసుకోవాలన్నది సార్‌కు మొదట అర్థం కాలేదు. చేరే రోజు అభ్యర్థి ఫీజు కట్టే తొందరలో ఉంటాడు. సీటు దొరికితే చాలనుకుంటాడు, ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తాడు. అప్పటికి అతనికి ఆ కోర్సు మీద అభిప్రాయమే లేదు. ఇంకా పుట్టని మాటను వాడుకోవడానికి అనుమతి తీసుకోవడం అది. ఫోన్ చేసిన అబ్బాయి ఫొటోను వెంటనే తీసేయాలని, ఫారంలో ఆ వాక్యాన్ని కూడా కొట్టేయాలని చెప్పాను. ఈ రెండూ ఆ వారమే జరిగాయి.

పనిచేయని ప్రయత్నాలు

మొదట సార్ కోరిక మీద ఒక సర్దుబాటు చేశారు. పాత ఫ్లెక్సీ డిజైన్ అలాగే ఉంచి, అడుగున చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో "పై అభ్యర్థులు వేర్వేరు కోర్సులు తీసుకున్నవారు" అన్న అర్థం వచ్చే లైను కలిపారు. ఇది కుదరదని నమూనా చూసిన రోజే చెప్పాను. తెలుగులో చెప్పిన మాటకు వివరణ తెలుగులోనే ఉండాలని, అసలు మాటకు వాడిన ఫాంటే దానికీ వాడాలని 2022 మార్గదర్శకాల్లో ఉంది. పై మాటను తలకిందులు చేసే వివరణ అడుగున పెట్టడమూ కుదరదు. పైన "ఈ సంస్థ వల్లే" అని ఉన్నప్పుడు అడుగున ఏం రాసినా చదివేవాడి మనసులో పైదే మిగులుతుంది. దాన్ని పరీక్షించడానికి కౌన్సెలర్ ఒక పని చేసింది. నమూనా ఫ్లెక్సీని పాత విద్యార్థులకు చూపించి, "ఈ అమ్మాయి ఏ కోర్సు చదివిందనుకుంటున్నారు?" అని అడిగింది. దాదాపు అందరూ పూర్తి కోర్సు అన్నారు. సార్ ఆ నమూనాను పక్కన పెట్టేశారు. ప్రకటన తప్పుదోవ పట్టిస్తుందా లేదా అన్న వాదన వచ్చినప్పుడల్లా ఇదే చేయమంటాను. రాసినవాళ్లు ఏమనుకున్నారన్నది కాదు, చూసినవాళ్లకు ఏం అర్థమైందో అడగాలి.

తర్వాత ఎంపికైనవాళ్లందరికీ వాట్సాప్‌లో ఒక ఫారం పంపాం. "మా సంస్థ గురించి మీ అభిప్రాయం రాయండి" అన్నది ఒకటే ప్రశ్న. జవాబులు మర్యాదగా వచ్చాయి. "చాలా బాగుంది సార్", "మంచి గైడెన్స్", "థాంక్యూ టు ఆల్ ఫ్యాకల్టీ". అబద్ధం ఒక్కటీ లేదు. కానీ వీటిలో ఏదైనా ఏ సంస్థ పేరు కింద పెట్టినా సరిపోతుంది. చదివే అభ్యర్థికి కావలసింది తన పరిస్థితి లాంటి పరిస్థితి. రెండుసార్లు రాసి పోగొట్టుకున్నవాడికి, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు, తెలుగు మీడియం వాళ్లకు "మంచి గైడెన్స్" అన్న మాటలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. లోపం జవాబు రాసినవాళ్లది కాదు. ప్రశ్న పొగడ్తనే అడిగింది, పొగడ్తే వచ్చింది.

గూగుల్ రివ్యూల సంగతి కూడా ఇక్కడే బయటపడింది. ఐదు స్టార్ల రివ్యూ పెట్టి స్క్రీన్‌షాట్ చూపిస్తే కరెంట్ అఫైర్స్ పుస్తకం ఉచితంగా ఇచ్చే అలవాటు ఆ ఆఫీసులో ఉంది. ఫ్రంట్ డెస్క్ వాళ్లు ముందే "క్లాసులు నచ్చాయా?" అని అడిగి, నచ్చాయన్నవాళ్లకే లింకు పంపేవారు. రెండూ గూగుల్ విధానాలకు విరుద్ధం. బహుమతి ఇచ్చి రివ్యూ తీసుకోకూడదు, సంతోషంగా ఉన్నవాళ్లను ఏరి అడగకూడదు. జాగ్రత్తగా చూసేవాళ్లకు అది తెలిసిపోతుంది కూడా. పుస్తకం విడుదలైన రోజుల్లో రివ్యూలు గుంపుగా వచ్చాయి, మాటలు ఒకేలా ఉన్నాయి, చాలా అకౌంట్లలో ఆ ఒక్క రివ్యూ తప్ప ఇంకేమీ లేదు. పుస్తకం ఇవ్వడం ఆపించాం. అలా వచ్చిన రివ్యూల నుంచి ఒక్క మాట కూడా ప్రకటనల్లో వాడకూడదనుకున్నాం. కోర్సు సగంలో ఒకసారి, ముగిసిన రోజున ఒకసారి బ్యాచ్‌లో ప్రతి ఒక్కరికీ ఒకటే మెసేజ్ వెళ్లేలా పెట్టాం. రేటింగ్ కొంచెం తగ్గింది. తక్కువ స్టార్లు వచ్చిన చోట జవాబు రాయడం మొదలైంది.

పనిచేసింది

చివరికి పనిచేసింది మనుషులతో మాట్లాడటం. ఒప్పుకున్నవాళ్లతో అరగంట చొప్పున, కొందరితో ఎదురుగా, కొందరితో ఫోన్‌లో మాట్లాడి, వాళ్ల అనుమతితో రికార్డు చేశాం. ప్రశ్నలు ఇలా ఉండేవి: ఇక్కడికి రాకముందు ఎక్కడ ఆగిపోయారు? చేరే ముందు మీకున్న అనుమానం ఏమిటి? ఏ కోర్సు, ఎన్ని నెలలు? ఇంకెక్కడ ఏం చదివారు? ఇక్కడ మీకు ఉపయోగపడనిది ఏది? మీ తమ్ముడో చెల్లెలో అడిగితే ఇందులో చేరమంటారా, వద్దంటారా, ఎందుకు?

వీటిలో ఎక్కువ పనిచేసింది "ఇంకెక్కడ ఏం చదివారు" అన్న ప్రశ్న. దానికి జవాబు చెబుతూనే ఆ విజయంలో సంస్థ వాటా ఎంతో అభ్యర్థి తనే విడదీసి చెప్పేస్తాడు. ఒక అభ్యర్థి మాటల నుంచి మేం ప్రచురించినది ఇది:

"రెండుసార్లు గ్రూప్-2 రాశాను. రెండుసార్లూ ఎకానమీ పేపర్‌లోనే మార్కులు పోయాయి. ఇక్కడ ఎకానమీ బ్యాచ్‌లో నాలుగు నెలలు చదివాను. ప్రతి ఆదివారం టెస్ట్ పెట్టి, తప్పు చేసిన ప్రశ్నలు సోమవారం మళ్లీ చెప్పేవారు. నాకు కలిసొచ్చింది అదే. పాలిటీ, చరిత్ర సొంతంగా చదువుకున్నాను. కరెంట్ అఫైర్స్ క్లాసులు ఆలస్యంగా మొదలవడంతో నాకు పెద్దగా ఉపయోగపడలేదు."

కింద ఫ్లెక్సీ అక్షరాల సైజులోనే పేరు, ర్యాంకు, "ఎకానమీ బ్యాచ్, 4 నెలలు, ఫీజు కట్టి చేరారు."

చివరి వాక్యం మీద పెద్ద చర్చ జరిగింది. "మన డబ్బుతో మనమే మన క్లాసు బాగాలేదని చెప్పుకోవాలా?" అన్నారు సార్. చోటు సరిపోక కొన్ని వాక్యాలు తీసేయడం తప్పు కాదు, మేం చాలా తీసేశాం. కానీ కత్తిరించాక ఆ మనిషి అభిప్రాయం మారిపోకూడదు. ఈ అభ్యర్థి చెప్పినది "ఎకానమీ బాగుంది, కరెంట్ అఫైర్స్ బాగాలేదు" అని. రెండో సగం తీసేస్తే అది సంస్థ మొత్తం మీద మెప్పులా చదువుతారు, ఆ మెప్పు అతను ఇవ్వలేదు. ఎకానమీ బ్యాచ్ కరపత్రంలో అయితే ఆ వాక్యం లేకపోయినా అర్థం మారదు, అక్కడ తీసేశాం. సంస్థ మొత్తాన్ని పరిచయం చేసే ప్రాస్పెక్టస్‌లో మాత్రం ఉంచాలన్నాను. దాని కింద సంస్థ తరఫున ఒక లైను కలిపాం: "ఈ బ్యాచ్ నుంచి కరెంట్ అఫైర్స్ మొదటి నెలలోనే మొదలవుతుంది." టైంటేబుల్ మార్చాకే ఆ లైను అచ్చుకు వెళ్లింది. చదివేవాళ్ల నమ్మకం పెరగడానికి ఆ ఒక్క ఫిర్యాదు, దాని కింది జవాబు చేసిన మేలు అంతకుముందు పొగడ్తలేవీ చేయలేదని నా అభిప్రాయం. అడ్మిషన్‌కు వచ్చినవాళ్లు ఆ లైను చూపించి, నిజంగా మొదటి నెలలోనే మొదలవుతుందా అని అడిగేవారని కౌన్సెలర్ చెప్పింది.

పెద్ద ఫొటో అమ్మాయి విషయంలో రెండు దారులున్నాయి. పూర్తిగా తీసేయడం సురక్షితం. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంచడం ఇంకో దారి. సార్ భయం వేరు: "పక్కవాళ్లు అదే ఫొటో పెద్దదిగా వేస్తుంటే మనం టెస్ట్ సిరీస్ అని రాసుకుంటే తగ్గిపోమా?" మేం రెండో దారి ఎంచుకుని, ఆమె ఫొటోను పూర్తి కోర్సు ఫ్లెక్సీ నుంచి తీసి టెస్ట్ సిరీస్ కరపత్రంలో పెట్టాం. ముందుగా ఆమెకు ఫోన్ చేసి, ఎంపిక తర్వాతి తేదీతో కొత్త అనుమతి తీసుకున్నాం. "ఈ సంస్థ వల్లే" అన్న మాట తను ఎప్పుడూ అనలేదని ఆమె అప్పుడే చెప్పింది. అది ఆఫీసులో రాసిన వాక్యం. ఆమె నిజంగా అన్నది, టెస్టుల తర్వాత ఇచ్చిన వివరణల్లో ప్రతి తప్పు జవాబు ఎందుకు తప్పో రాశారని. టెస్ట్ సిరీస్ కొనేవాడికి కావలసిన సమాచారం సరిగ్గా అదే. కరపత్రంలో ఆ మాటే వెళ్లింది.

అనుమతి పత్రం ఒక పేజీ, తెలుగులో. ఏ ఫొటో, ఏ మాటలు (ప్రచురించబోయే రూపంలోనే), ఎక్కడెక్కడ (ఫ్లెక్సీ, పేపర్, యూట్యూబ్, వాట్సాప్ విడివిడిగా టిక్ పెట్టేలా), ఎంతకాలం (ఏడాది), ప్రతిఫలంగా ఏమైనా ఇచ్చామా, వద్దనుకుంటే ఏ నంబరుకు మెసేజ్ పెట్టాలి. కొందరు వద్దన్నారు. ఒకరు మాటలు వాడుకోండి, పేరు, ఫొటో వద్దు అన్నారు. అక్కడ కాస్త ఆలోచించాల్సి వచ్చింది. పేరు, ర్యాంకు లేకుండా "ఎంపికైన అభ్యర్థి" అని వేస్తే చదివేవాళ్లు నిజమో కాదో చూసుకోలేరు, మార్గదర్శకాలు అడిగే వివరాలూ ఉండవు. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఎవరిదో ఫొటో పెట్టడం అసలే కుదరదు. చివరికి ఆ మాటలను ఎంపిక ప్రస్తావనే లేకుండా, క్లాసు ఎలా జరుగుతుందో చెప్పే పేజీలో "పాత విద్యార్థి, పేరు వద్దన్నారు" అని వేశాం.

ఎంపిక కాని ఒక అభ్యర్థి మాటలు వేయడం సార్‌కు మొదట అసలు నచ్చలేదు. కొద్ది మార్కుల్లో పోగొట్టుకుని, మళ్లీ అదే టెస్ట్ సిరీస్‌కు డబ్బు కట్టి చేరిన అబ్బాయి అతను. ఫలితం రాకపోయినా మళ్లీ ఎందుకు చేరాడో చెప్పగలిగేది అతనొక్కడే, అతను చెప్పిన కారణాలూ స్పష్టంగా ఉన్నాయి. ప్రాస్పెక్టస్‌లో ఒక పేజీ అతనిది.

ఏం మారింది, ఏం తేలలేదు

అడ్మిషన్లు పెరిగాయా అంటే నేను జవాబు చెప్పలేను. ఈ రంగంలో నోటిఫికేషన్ వస్తే అందరికీ పెరుగుతాయి, వాయిదా పడితే అందరికీ తగ్గుతాయి. ఫ్లెక్సీ ప్రభావాన్ని అందులోంచి విడదీయడం కష్టం. అందుకే రెండే చూశాం. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఏది చూసి వచ్చారని కౌన్సెలర్ అడిగి రాసుకుంది. ఫీజు వెనక్కి అడిగినవాళ్లు ఏ కారణం చెప్పారో ఆఫీసు రాసుకుంది. పూర్తి కోర్సు గురించి అడిగేవాళ్లు మొదటి నెలలో తగ్గారు, విడి బ్యాచ్‌లు, టెస్ట్ సిరీస్ అడిగేవాళ్లు పెరిగారు. "ఫ్లెక్సీలో చెప్పింది వేరు, ఇక్కడ ఉన్నది వేరు" అంటూ ఫీజు వెనక్కి అడగడం మాత్రం దాదాపు ఆగిపోయింది. సార్‌ను ఒప్పించింది నా వాదన కాదు, ఈ రెండో విషయం.

మాట ఉపసంహరించుకునే హక్కు కాగితం మీద రాసినంత తేలిక కాదని కూడా తెలిసింది. ఒక అభ్యర్థి కొన్ని నెలల తర్వాత వద్దన్నారు. యూట్యూబ్ వీడియో అదే రోజు తీసేశాం, వీధుల్లోని ఫ్లెక్సీలకు మనిషిని పంపాం. అప్పటికే పంచిన ప్రాస్పెక్టస్‌లను వెనక్కి తేలేం. ఆ తర్వాత అనుమతి పత్రంలో అచ్చు కాపీల గురించి ఈ విషయం ముందే చెబుతున్నాం. అచ్చు కూడా కొద్ది కాపీలే వేయిస్తున్నాం.

తేలకుండా మిగిలినది ఒకటుంది. ప్రతి ఫొటో నిజమే, ప్రతి మాట నిజమే అయినా, ఎంతమందిలో ఆ కొద్దిమంది ఎంపికయ్యారో చెప్పకపోతే చదివేవాడు తన అవకాశాన్ని ఎక్కువగా ఊహించుకుంటాడు. కోర్సు వారీగా చేరినవాళ్లెందరు, పరీక్ష రాసినవాళ్లెందరు, ఎంపికైనవాళ్లెందరు అన్న మూడు అంకెలు ప్రాస్పెక్టస్‌లో వేద్దామన్నాను. సార్ ఒప్పుకోలేదు. పక్క సంస్థలు వేయనప్పుడు తామొక్కరే వేస్తే, అంకె ఎంత నిజమైనా చిన్నదిగా కనిపిస్తుందన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. అసలు పాత బ్యాచ్‌లకు ఆ లెక్క తీయడం కూడా వీలు కాలేదు, రిజిస్టర్‌లో కోర్సు రకం సరిగ్గా రాసి లేదు. ఇప్పుడు అడ్మిషన్ ఫారంలో, ఇంతకుముందు ఫొటో అనుమతి వాక్యం ఉన్నచోట, కోర్సు పేరు, చేరిన తేదీ, హాల్ టికెట్ నంబరు కోసం గడులు ఉన్నాయి. వచ్చే ఫలితాలకు ఆ అంకెలు సంస్థ చేతిలో ఉంటాయి. వాటిని వేయాలా వద్దా అన్న చర్చ అప్పుడు మళ్లీ మొదలుపెడతాను.